సంచిలో ఆవిడ

మా ఆయన పనిముట్ల సంచిలో ఒక ఆడమనిషి దొరికింది. నిండు మనిషి కాదు, వాసన. మూతికి జిప్పున్న చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన తెల్ల చేతిరుమాలు.

ఆదివారం పొద్దున వంటింట్లో కుళాయి కారుతోంది. ఆయన స్నానంలో ఉన్నారు. స్పానరు కోసం సంచిలో చెయ్యి పెట్టాను. ఆ సంచిని ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో ఇరవై ఆరేళ్ళుగా ఒక చట్టం ఉంది. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఏ స్క్రూ ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీయాలంటారు. నూనె గుడ్డల మధ్య అంత శుభ్రంగా ఆ కవరేంటని జిప్పు లాగి ముక్కు పెట్టాను. అలా పెట్టడం నాకు అలవాటు కాదు, ఉద్యోగం.

సబ్బుల ఫ్యాక్టరీలో వాసనలు చూసే గదిలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. తయారైన ప్రతి విడత సబ్బు నా ముక్కు దాటాకే బయటికి వెళ్తుంది. మా ఆయన నన్ను ముక్కుదొరసాని అంటారు. కోపం కూడా అక్కడే ఉంటుందని దాని భావం.

పైగా ఆ ఆదివారానికి నా ముక్కు కొత్త ముక్కు. విషజ్వరం వచ్చి రెండు నెలలు ఏ వాసనా తెలియలేదు. తింటున్నది అన్నమో దూదో తెలియని రోజులవి. ఉప్పు సరిపోయిందో లేదో ఆయనే రుచి చూసి చెప్పేవారు. నాలుగు రోజుల కిందటే ముక్కు తిరిగొచ్చింది. అలా తిరిగొచ్చిన ముక్కుతో నేను మొట్టమొదట గట్టిగా పీల్చింది ఇంకో ఆడదాన్ని.

సెంటు లేదు, పౌడరు లేదు. ఏ వాసనా లేని సబ్బుతో స్నానం చేసే మనిషి. వయసు నలభై అయిదు దాటుంటుంది, ఒంట్లో వేడి ఎక్కువ, చెమటలో చిన్న పులుపు. దాని కింద గోరువెచ్చగా, ఇస్త్రీ చేసిన నూలుగుడ్డలాంటి వాసన ఒకటి. బాగుంది. అది బాగుండడమే నాకు ఒళ్ళు మండించింది. ఏదో చౌకబారు సెంటు అయ్యుంటే సగం బాధ తగ్గేది. మెడ మీద ఏమీ పూసుకోకుండా నా మొగుణ్ణి సంపాదించుకుందంటే ఆవిడకెంత ధైర్యం ఉండాలి.

కవరు ఉన్నచోటే పెట్టేశాను. కుళాయి కారుతూనే ఉంది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, "స్పానరు అడిగుంటే ఇచ్చేవాణ్ణిగా" అన్నారు, సంచిని కాస్త దూరం జరిపి. ఆ జరపడం నేను చూశాను.

ఇప్పుడు మా కాపురం సంగతి దాచకుండా చెప్పాలి. మూడేళ్ళుగా మేం వేరే గదుల్లో పడుకుంటున్నాం. నెలసరి ఆగిపోయే రోజుల్లో నాకు ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు కక్కేది, ఫ్యాను పెద్దగా కావాలి. ఆయనకి గురక, ఫ్యానుగాలి పడదు. ముందు ఒక వారం అనుకున్నాం. వారం మూడేళ్ళయింది. ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు.

అంతకుముందు మాత్రం ఏం పొంగిపొర్లిందని. పెళ్ళైన కొత్తలో ఆయన పనినుంచి వస్తే తలుపు గొళ్ళెం పడేదాకా ఆగేవాళ్ళం కాదు. కాలర్ దగ్గర ఇనుము, గ్రీజు, వాటి కింద ఆయన. ఆ వాసన తగిలితే నా మోకాళ్ళు నా మాట వినేవి కావు. రెండేళ్ళకి ఆ ఊపు తగ్గింది. పాప పుట్టింది, నిద్రలేదు, పగలంతా ఒకళ్ళు మీద పడి పీక్కు తింటుంటే సాయంత్రానికి ఇంకో చెయ్యి మీద పడితే విసుగొచ్చేది. మా మాటలన్నీ స్కూలు, మందులు, కుళాయి. ఆయన ఎప్పుడు దగ్గుతారో, ఏ జోకు ఏ చుట్టం ముందు వేస్తారో నాకు ముందే తెలుసు. అన్నీ తెలిసిన మనిషిని చూసి గుండె ఎందుకు దడదడలాడుతుంది.

ఇది మా గదిలో మొదటి రోజు నేర్పే పాఠమే. ఎంత మంచి వాసనైనా పది నిమిషాలు కూర్చుంటే తెలియడం మానేస్తుంది. వాసన ఎక్కడికీ పోదు. ఇది కొత్తదీ కాదు, దీనివల్ల ప్రమాదమూ లేదని తేలాక ముక్కు దాన్ని పట్టించుకోదు, అంతే. అప్పుడు మేం బయటికెళ్ళి నాలుగు అడుగులు వేసి, మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని రెండు ఊపిరులు తీస్తాం. మన ఒంటి వాసన మనకి తెలియదు కాబట్టి అదే మాకు సున్నా. ఆ సున్నా నుంచి మళ్ళీ మొదలు. సబ్బుకి ఈ మర్యాద చేశాను గానీ మొగుడికి ఎప్పుడూ చెయ్యలేదు.

అలవాటు ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. యాభై దగ్గర పడ్డాక నాకు నొప్పి మొదలైంది. ఒళ్ళు లోపల ఎండిపోయినట్టు, దగ్గరైతే మంట. ఆయనతో చెప్పలేదు, డాక్టరుతోనూ చెప్పలేదు, పళ్ళు బిగబట్టాను. తరవాత్తరవాత ఆయన చెయ్యి భుజం మీద పడితే చాలు, ఇది ఎక్కడికి పోతుందో అని ముందే బిగుసుకుపోయేదాన్ని. అందుకని భుజం కూడా తప్పించడం మొదలుపెట్టాను. టీవీ ముందు ఆనుకుని కూర్చోవడం పోయింది. వీధిలో చెయ్యి పట్టుకోవడం పోయింది. కొన్నాళ్ళకి ఆయనే మానేశారు. అమ్మయ్య అనుకున్నాను, ఆ వెనకే ఏడుపొచ్చింది. నేను వద్దనుకున్నది వేరు, ఆయనకి అక్కర్లేకపోవడం వేరు.

అక్కర్లేక కాదు, ఇంకో చోట తీరుతోందన్నమాట. ఆదివారం మధ్యాహ్నం కూర ముక్కలు తరుగుతూ ఇలాంటివే ఇంకా తరిగాను. కిందటి నెల ఒక సోమవారం నేను బాత్రూంలోంచి వచ్చేసరికి ఆయన నా గదిలో, నా దిండు గలీబులో చెయ్యి పెట్టి ఉన్నారు. అడిగితే "గలీబు వంకరగా ఉంటేనూ" అన్నారు. జన్మలో గలీబు సరిచేసిన మనిషి కాదు. ఆవిడ ఇచ్చినదేదో నా దిండులోనే దాస్తున్నారని ఇప్పుడు తేలింది. నేను వెతకని చోటు అదొక్కటే కదా.

మంగళవారం సగంపూట సెలవు పెట్టి ఆయన పనిచేస్తున్న బిల్డింగుకి వెళ్ళాను. తొమ్మిది అంతస్తులు, రెండు లిఫ్టులు. ఒకటి ఆపేసి నాలుగో అంతస్తులో తలుపు తెరిచిపెట్టారు. నేను మెట్ల మీదనుంచి, ఐదో అంతస్తు మలుపు దగ్గర కటకటాల సందులోంచి చూశాను. మొగుడి పని చూసి ఇరవై ఏళ్ళయింది. చేతులు మోచేతుల దాకా మడిచి, నడుముకి బెల్టు కట్టి, ఎవరో దగ్గరికి రాబోతే "అక్కడే ఆగండి, బటన్ నొక్కకండి" అన్నారు. గట్టిగా అనలేదు. ఆ మనిషి మంత్రం వేసినట్టు ఆగిపోయాడు. ఇంట్లో రిమోట్ ఎక్కడుందో తెలియని మనిషి గొంతు కాదది. నాలో పాత కోరిక కదిలింది. ఇన్నేళ్ళకి కదిలింది, అదీ ఇంకొకరి సొత్తయ్యాక. నా మీద నాకే జాలేసింది.

అప్పుడాయన వెనక్కి తిరిగి, అటు గోడవైపు నిలబడి, సంచిలోంచి ఆ కవరు తీశారు. రుమాలు మొహానికి ఆనించుకున్నారు. ఒక ఊపిరి, రెండు, మూడు. చెవుల దాకా బిగిసి ఉన్న భుజాలు మెల్లగా కిందకి దిగాయి. రుమాలు మడిచి, జిప్పు లాగి, సంచిలో పెట్టి, తలుపులోంచి ఆ చీకటి గొయ్యిలోకి, లిఫ్టు పైకప్పు మీదకి దిగారు.

నేను మెట్టు మీద కూలబడ్డాను. ముద్దు పెట్టుకుంటూ దొరికినా ఇంత మండేది కాదు. పడుకోవడం పొరపాటున కూడా జరుగుతుందంటారు. ఒక మనిషి వాసనకి భుజాలు అలా దిగడం పొరపాటున జరగదు.

బిల్డింగు మేనేజరమ్మ మెట్లెక్కి వస్తోంది. నలభై అయిదుంటుంది, నవ్వు మొహం. "మాస్టారొచ్చారుగా, ఇక భయం లేదు" అని ఎవరితోనో ఫోనులో అంటోంది. ఇదే అనుకుని, పక్కకి తప్పుకుంటున్నట్టు నటించి పీల్చాను. గంధం కలిసిన సెంటు, జుట్టుకి రంగు, పిప్పరమెంటు. ఆవిడ కాదు. కాకపోయినా ఆ "మాస్టారు" అన్న తీరు నాకు నచ్చలేదు.

ఇంటికొచ్చి బీరువా మీదనుంచి సూట్‌కేసు దించాను. నాలుగు చీరలు పెట్టాను. చెల్లెలింటికి వెళ్ళిపోదామనే. కానీ ఎవరని చెప్పి వెళ్ళాలి? పేరూ మొహమూ లేని దానికోసం ఇరవై ఆరేళ్ళు వదులుకున్నానంటే చెల్లెలే నవ్వుతుంది. ముందు ఆవిడెవరో తేలాలి.

బుధవారం ఆయన స్నానానికి వెళ్ళగానే కవరు తీసి నా సంచిలో వేసుకున్నాను.

మా గదిలో ఒక పద్ధతి ఉంది. అనుమానం వస్తే ఒక్కరి ముక్కుని నమ్మరు. మూతలున్న మూడు గాజు సీసాలు తీసి, పేర్లు రాయకుండా మూడంకెల నంబర్లు వేస్తారు. రెండింట్లో ఒకటే సరుకు, ఒకదాంట్లో వేరే. చూసేవాళ్ళు వేరేది పట్టుకుని దాని గురించి చెప్పాలి. జ్వరం తరవాత నా ముక్కు మీద నాకే పూర్తి నమ్మకం లేదు. రెండింట్లో ఉతికిన కొత్త గుడ్డ, మూడోదాంట్లో రుమాలు పట్టకారుతో వేసి మూతలు పెట్టాను. మా గదికి పెద్ద అయిన అక్కని పిలిచాను. ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది, పెద్దక్క అంటాం. ఆవిడ ముక్కు తప్పు చెప్పగా నేను వినలేదు.

"బయటి సరుకు" అన్నాను. "మనిషి గుడ్డ. ఎలాంటి మనిషో చెప్పాలి."

మొదటి సీసా చూసింది, పక్కన పెట్టింది. రెండోదీ అంతే. మూడోది మూత తీసి ఒక్కసారి పీల్చి నా మొహంలోకి చూసింది. మళ్ళీ పీల్చలేదు.

"ఏంటిది, నాతో వేళాకోళమా?"

"కాదక్కా. నిజంగా తెలియకే."

"తెలియకేంటే? నువ్వేగా."

నాకు అర్థం కాలేదు. "నేనేంటి?"

"ఇది నువ్వు. పంతొమ్మిదేళ్ళు నా పక్క కుర్చీలో కూర్చున్నావు. ఈమధ్య వేడి ఎక్కువైంది, పులుపు కొంచెం పెరిగింది, అడుగున అదే ఇస్త్రీగుడ్డ. నువ్వు వరండాలోకి రాగానే మాకందరికీ తెలుస్తుంది. తెలియనిది నీకొక్కదానికే."

మోచేతి మడత చూసుకున్నాను, అలవాటుగా. అక్కడేమీ లేదు. సున్నా.

"అలా తెలియదు" అంది పెద్దక్క. "ఇది ఎక్కడో మూతేసిన చోట ఊరినట్టుంది. నీ ముక్కేమో రెండు నెలలు సెలవులో ఉండి వచ్చింది. అందుకే పరాయిదనిపించి ఉంటుంది. ఇంతకీ ఎక్కడిదిది?"

"మా ఆయన సంచిలోది" అన్నాను.

పెద్దక్క మూత పెట్టి సీసా నా వైపు తోసి, "ఇవాళ్టికి నీ పని నేను చూస్తాలే, వెళ్ళు" అంది.

బస్సులో కూర్చున్నాక సంతోషం రావాలి కదా, రాలేదు. కొత్త కుళ్ళు మొదలైంది. నేను గోడ అవతల ఒంటరిగా పడుకుంటుంటే, నా వాసన మాత్రం ఆయన మొహం మీద ఊరేగుతోంది. నాకు అందనిది నా రుమాలుకి అందుతోంది.

తాళం తీసే పని పడలేదు. తలుపు తెరిచే ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆయన హాలులో నేల మీద కూర్చుని ఉన్నారు. సంచి బోర్లించేశారు. స్పానర్లు, వైర్లు, గుడ్డలు చాపంతా పరిచి ఉన్నాయి. మొహం పాలిపోయింది.

"పని మధ్యలో వచ్చేశారేం?"

"చేతులు ఆడలేదు" అన్నారు. "గొయ్యి అంచు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఇక్కడో కవరుండాలి. చూశావా?"

నేను కవరు తీసి చాప మీద పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. చిన్న పిల్లాడు దొరికిపోయినట్టు చూపు దించుకున్నారు.

"ఎవరో ఆడదని సూట్‌కేసు సర్దుకున్నాను" అన్నాను. "ఇవాళ మా పెద్దక్క చెప్తే తెలిసింది ఆవిడెవరో."

ఆయన నవ్వబోయి ఆగారు. తరవాత నేల చూస్తూ చెప్పారు. మూడేళ్ళ కిందట ఒక బిల్డింగులో బ్రేకు జారి, పైకప్పు మీద ఆయన ఉండగానే లిఫ్టు సగం అంతస్తు కిందకి పడిందట. ఆ రోజు చేతికి కట్టుతో వచ్చి తలుపు గీసుకుందని నాకు చెప్పారు. అప్పట్నుంచి గొయ్యి దగ్గరికెళ్తే గుండె గొంతులోకొస్తోందట. ఒకరోజు నా తడితువాలు పొరపాటున సంచిలో పడి వచ్చిందట. మొహం తుడుచుకుంటే చేతుల వణుకు ఆగిందట.

"అప్పట్నుంచి రెండు రుమాళ్ళు" అన్నారు. "ఒకటి నీ దిండు గలీబులో, ఒకటి సంచిలో. సోమవారం సోమవారం మారుస్తాను."

"గలీబు వంకర."

"ఆ."

"అంతలా కావాలంటే, మనిషిని పక్క గదిలో పెట్టుకుని రుమాలెందుకు?"

స్పానర్లు ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చారు. "చివరిసారి నీ మొహం చూశాను" అన్నారు. "పళ్ళు బిగబట్టి, ఎప్పుడైపోతుందా అని చూస్తున్నావు. నేను నిన్ను బాధపెడుతున్నానని అప్పుడు తెలిసింది. మళ్ళీ ఎలా అడుగుతాను? అదీ కాక..." అని ఆగారు. "బీపీ మాత్రలు మొదలుపెట్టాక నాకూ ముందులా లేదు. మాత్రల వల్లో, ఆ పడడం వల్లో. మొదలుపెట్టి మధ్యలో నవ్వులపాలు కావడం కంటే అసలు దగ్గరికి రాకపోవడమే మేలనుకున్నాను. నీకూ అదే కావాలేమో అనుకున్నాను."

"నాకు నొప్పే. మీరు కాదు నొప్పి." చెప్పాక తెలిసింది, ఈ రెండు మాటలు మూడేళ్ళ కిందటే అనాల్సింది. "చెయ్యి వేస్తే అది అక్కడిదాకా పోతుందని భయం. అందుకని చెయ్యే వద్దనుకున్నాను."

"నాకు ఊరికే చెయ్యి వేయాలనీ ఉండేది."

"చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పావా?"

పోట్లాటకి అన్నీ అమరాయి గానీ ఇద్దరికీ ఓపిక లేదు. చాప మీద ఆయన పక్కనే కూర్చున్నాను. నొప్పికి మందుందేమో డాక్టరమ్మని అడుగుతానన్నాను. బీపీ మాత్ర మార్చడం కుదురుతుందేమో తనూ అడుగుతానన్నారు. కొత్తగా పెళ్ళైన రోజుల్లా గొళ్ళెం దాకా ఆగకపోవడం ఇక రాదని ఇద్దరికీ తెలుసు. అప్పుడాయన వాసనకి నాకు కాళ్ళు వణికేవి. ఇప్పుడు నా వాసనకి ఆయన చేతుల వణుకు ఆగుతోంది. ఏది ఎక్కువో నాకు తెలియదు. నిన్న మెట్ల మలుపులో ఆయన గొంతు విని నాలో కోరిక కదిలింది మాత్రం నిజమే. అది పూర్తిగా చావలేదని, దూరంనుంచి చూస్తే లేస్తుందని తెలిసింది. ఆ సంగతి ఇప్పుడే చెప్పలేదు. కాస్త బింకం ఉండాలి.

ఆయన చెయ్యి కవరు వైపు వెళ్ళింది. పట్టుకోనివ్వలేదు.

"పనికి వెళ్ళాలి" అన్నారు. "రెండు లిఫ్టులూ ఆపి వచ్చాను. జనం మెట్లెక్కుతున్నారు."

"వెళ్ళండి. రుమాలు మాత్రం ఇవ్వను."

"మరెలా?"

కవరు నా ఒడిలో పెట్టుకుని, జాకెట్టు మెడ దగ్గర చీర పక్కకి జరిపాను. ఆయన అనుమానంగా నా కళ్ళలోకి చూశారు, పళ్ళు బిగిశాయేమోనని. బిగవలేదు. మొహం తెచ్చి నా మెడ వంపులో ఆనించారు. గ్రీజు, ఇనుము, కింద ఆయన. ఒక ఊపిరి, రెండు, మూడు. చెవుల దాకా బిగిసిన భుజాలు నా చేతుల కింద మెల్లగా దిగాయి. నిన్న మెట్ల మీదనుంచి చూసి, ఇంకొకరి కోసం దిగాయనుకుని నేను కుళ్ళుకున్న భుజాలవే.

మూడేళ్ళు ఇదంతా ఆ గుడ్డముక్క అనుభవించింది. ఆయన వెళ్ళగానే దాన్ని బకెట్టులో వేసి మా ఫ్యాక్టరీ సబ్బుతో రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేశాను.